46 యూనిట్లు, 11 వారాలు: ఏది ముందు చదవాలి, ఏది వదలాలి?

*నమస్కారమండీ. ఉద్యోగం చేసుకుంటూ ఒక పోటీ పరీక్షకు చదువుతున్నాను. పేపర్లో 150 బిట్లు, 150 నిమిషాలు, తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. సిలబస్‌ని విడగొడితే 46 యూనిట్లు తేలాయి. వారానికి 12 గంటల చొప్పున 13 వారాలు చదివితే 17 అయ్యాయి. అప్పుడు మాక్ టెస్టులో 61 వచ్చాయి. కిందటిసారి కటాఫ్ 84. ఇలా అయితే కాదని ప్రయారిటీ లిస్టు వేసుకున్నాను. ప్రతి యూనిట్‌కీ వెయిటేజీకి ఐదులో ఇన్ని, నా బలహీనతకి ఐదులో ఇన్ని అని మార్కులు వేసి గుణించాను. రేఖాగణితం, క్షేత్రమితి అన్నిటికన్నా పైకొచ్చాయి. మూడు వారాలు, 45 గంటలు వాటి మీదే కూర్చున్నాను. మళ్ళీ మాక్ రాస్తే 62. ఈలోపు మొదటి నెలలో చదివిన ప్రాథమిక హక్కులు లాంటివి మర్చిపోయాను. ప్రాచీన చరిత్ర ఒక్కటే ధైర్యంగా ఉంది. పరీక్షకు ఇంకా 11 వారాలుంది. ఇప్పుడు వారానికి 21 గంటలు కుదురుతాయి. లెక్కలు మొత్తం వదిలెయ్ అంటున్నాడు మా ఫ్రెండ్. వదిలేయాలా? లిస్టు మళ్ళీ ఎలా వేసుకోవాలి?*

*— ఒక పాఠకుడు*

లిస్టు వేయాలన్న ఆలోచన మంచిదేనండీ. అందులో ఒక అంకె తక్కువైంది, ఉన్న రెండు అంకెలూ అంచనా మీద వేసినవి. వెయిటేజీని బలహీనతతో గుణిస్తే మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది. ఉన్న టైములో వాటిలో ఎన్ని వెనక్కి వస్తాయో మాత్రం తెలియదు. అది తెలియాలంటే ఆ యూనిట్‌కి ఎన్ని గంటలు పడతాయో కూడా లెక్కలోకి రావాలి. ఆ గంటలతో భాగించకపోతే అన్నిటికన్నా కష్టమైన టాపిక్కే ఎప్పుడూ లిస్టు పైన కూర్చుంటుంది. రేఖాగణితం అలాగే ఎక్కి కూర్చుంది. 45 గంటలకు ఒక్క మార్కు రావడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే, అయితే తప్పు మీ తెలివిది కాదు, ఆ గుణకారానిది.

కాబట్టి ముందు గంటలు చూద్దాం. 11 వారాలను 21తో గుణిస్తే 231. ఈ 231లో కొత్తగా చదవడానికి మిగిలేది చాలామంది అనుకునే దానికన్నా బాగా తక్కువ. చివరి రెండు వారాలు రివిజన్‌కీ వరస మాక్‌లకీ పోతాయి, అంటే 42 గంటలు. ఆలోపు నాలుగు మాక్‌లు రాయాలి. ఒక్కోటి రాయడానికి రెండున్నర గంటలు, తప్పులు చూసుకోవడానికి రెండు గంటలు వేస్తే నాలుగింటికీ 18. మిగిలిన తొమ్మిది వారాల్లో వారానికి రెండు గంటలు పాతవి తిరగేయడానికి పెడితే మరో 18. లిస్టు తయారీకే 11 గంటలు పడుతుంది, ఎందుకో కింద చెప్తాను. జ్వరం, పెళ్ళి, ఆఫీసులో ఆలస్యం లాంటి వాటికి ఒక 17 పక్కన పెట్టండి. మిగిలేవి 125 గంటలు.

ఇప్పటిదాకా మీ వేగం చూస్తే 156 గంటల్లో 17 యూనిట్లు, అంటే ఒక్కోదానికి తొమ్మిది గంటల పైచిలుకు. ముట్టుకోని 29 యూనిట్లకు అదే వేగంతో దాదాపు 266 గంటలు కావాలి. మీ దగ్గర అందులో సగం కూడా లేవు. అంటే కొన్ని యూనిట్లు ఎలాగూ చదవరు. ఏవి చదవరో ఇప్పుడు మీరు తేలుస్తారా, చివరి వారంలో కేలెండరు తేలుస్తుందా అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక వెయిటేజీ. ఐదులో ఇన్ని అని వేసినప్పుడు మీరు సిలబస్ కాగితం చూసి వేసి ఉంటారని నా అనుమానం. అక్కడ ఒక టాపిక్ ఎన్ని లైన్లు ఆక్రమించిందన్న దానికీ, పేపర్లో దాని నుంచి ఎన్ని బిట్లు వస్తాయన్న దానికీ పొంతన ఉండదు. లెక్కల యూనిట్లను సిలబస్‌లో త్రిభుజాలు, వృత్తాలు, శంకువు, గోళం అంటూ విడమరిచి రాస్తారు కాబట్టి పెద్దగా కనిపిస్తాయి. నోటిఫికేషన్‌లో విభాగాలవారీగా మార్కులు ఇచ్చి ఉంటే వాటికి తిరుగులేదు. విభాగం లోపల ఏ యూనిట్‌కి ఎన్ని అన్నది మాత్రం పాత పేపర్లలో మీరే లెక్కపెట్టుకోవాలి.

దానికి కిందటి నాలుగు పేపర్లు చాలు. 46 యూనిట్లకూ నంబర్లు వేసి ఆ కాగితం పక్కన పెట్టుకుని, ప్రతి బిట్ పక్కన దాని యూనిట్ నంబరు పెన్సిల్‌తో వేసుకుంటూ వెళ్ళండి. 600 బిట్లు, ఒక్కోదానికి అర నిమిషం వేస్తే ఐదు గంటల పని. ఒక బిట్ రెండు యూనిట్లకూ చెందేలా ఉంటే చెరో సగం వేయండి. ఆ పని చేస్తున్నంతసేపూ కీ తెరవొద్దు, జవాబులు ఆలోచించొద్దు. అంశం ఏమిటో చూసి నంబరు వేసి ముందుకెళ్ళిపోండి.

అప్పుడు ప్రతి యూనిట్‌కీ నాలుగు అంకెలు వస్తాయి. నేరుగా సగటు తీస్తే ఒకచోట దెబ్బ తింటారు. కళలు, సంస్కృతి యూనిట్‌లో నాలుగేళ్ళ లెక్క 1, 9, 0, 2 అనుకోండి. సగటు మూడు వస్తుంది. కానీ ఆ మూడు నిజానికి ఒక్క ఏడాది వచ్చిన తొమ్మిది వల్ల. అందుకే ఒక్కో వరసలో అన్నిటికన్నా పెద్ద అంకెను తీసేసి మిగిలిన మూడింటికీ సగటు తీయండి. ఇక్కడ 1 వస్తుంది. ప్రాచీన చరిత్రలో 6, 5, 7, 6 ఉంటే 7 తీసేసినా 5.67 వస్తుంది. నిలకడగా వచ్చే టాపిక్‌కి ఇలా చేస్తే పెద్దగా నష్టం లేదు, ఎప్పుడో ఒకసారి మెరిసే టాపిక్ మాత్రం దిగిపోతుంది. మధ్యలో పరీక్ష విధానం మారి ఉంటే మారక ముందు పేపర్లను లెక్కలోకి తీసుకోకండి, ఉన్న రెండింటితోనే సరిపెట్టుకోండి.

బలహీనత దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. "నాకు ఇది రాదు" అన్న భయానికీ, అందులో నిజంగా పోతున్న మార్కులకీ చాలాసార్లు సంబంధం ఉండదు. ఇష్టంలేని టాపిక్‌కి ఐదుకి ఐదు వేస్తాం. మూడు నెలల కింద చదివేసిన దానికి ఒకటో రెండో వేస్తాం, అది ఈలోపు సగం ఎగిరిపోయిందని గమనించం. దీన్ని మనసునడిగి తేల్చడం కుదరదు, పరీక్ష పెట్టుకోవాల్సిందే.

ఆ యూనిట్ నుంచి 12 బిట్లు తీసుకుని, ముందు పుస్తకం తిరగేయకుండా 12 నిమిషాల్లో రాయండి. ఇందాక నంబర్లు వేసిన నాలుగు పేపర్ల నుంచి తీసుకుంటే అవి ఇప్పటికే కంటపడ్డాయి కాబట్టి స్కోరు కాస్త ఎక్కువ చూపిస్తుంది. అంతకన్నా పాత పేపర్ల నుంచో, యూనిట్లవారీగా ఉన్న బిట్ బ్యాంకు నుంచో తీసుకోండి. ప్రతి జవాబు పక్కన "ఖాయం", "అనుమానం", "గుడ్డి" అని మూడింటిలో ఒకటి రాయండి. దిద్దాక రైటుల్లోంచి తప్పుల్లో మూడో వంతు తీసేసి 12తో భాగించండి. 5 రైటు, 6 తప్పు, ఒకటి వదిలేస్తే 5 లోంచి 2 పోయి 3 మిగులుతుంది, 12తో భాగిస్తే 0.25. ఆ యూనిట్‌లో ఒక బిట్‌కి మీకు సగటున పావు మార్కు వస్తోందన్నమాట.

"ఖాయం" అని రాసి తప్పయిన వాటిని విడిగా చూడండి. గుడ్డిగా పెట్టిన వాటిని అసలు పరీక్షలో వదిలేయొచ్చు. ఖాయం అనుకున్న వాటిని మాత్రం ఎప్పుడూ వదలరు, ప్రతిసారీ రావలసిన ఒకటితో పాటు మూడో వంతు కూడా పోగొట్టుకుంటారు. ఒక యూనిట్‌లో ఇలాంటివి మూడు నాలుగు కనిపిస్తే అక్కడ కొత్తగా చదవాల్సింది ఎక్కువ ఉండదు. రెండు విషయాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి ఉంటాయి, లేదా ప్రశ్నలో "సరికానిది" అన్న మాట చూసుకోకుండా రాసేస్తుంటారు. రెండూ తక్కువ గంటల్లో సర్దుకునేవే.

46 యూనిట్లకూ ఈ పరీక్ష అక్కర్లేదు. చదివిన 17, చదవకపోయినా బడిలో నేర్చుకున్న జ్ఞాపకం ఉన్నవి ఇంకో ఏడెనిమిది చాలు. దిద్దడంతో కలిపి ఒక్కోదానికి పావుగంట వేస్తే ఆరు గంటలు. అసలు తెరవని వాటికి 0.1 వేసేయండి. పేపర్ల లెక్కకు ఐదు, దీనికి ఆరు. ముందు చెప్పిన 11 గంటలు ఇవే.

తర్వాత, చదివాక ఆ యూనిట్‌లో ఎంత వస్తుంది? చాలామంది ఇక్కడ ఒకటి వేసేస్తారు, అంటే అందులోంచి వచ్చే ప్రతి బిట్ రైటు చేస్తామని. అలా ఎవరికీ రాదు. మీరు ఈమధ్యే చదివి ఇంకా మర్చిపోని నాలుగైదు యూనిట్లలో ఎంత వచ్చిందో చూడండి. అక్కడ 0.65 దగ్గర ఆగితే కొత్త యూనిట్ చదివాక వచ్చేది కూడా దాదాపు అంతే. పాఠం అంతటినీ పట్టుకుని 0.9 చేరాలంటే మొదటిసారికి పట్టినన్ని గంటలు మళ్ళీ కావాలి, అవి మీ దగ్గర లేవు.

ఇక షీటు వేసుకుందాం. A కాలమ్‌లో యూనిట్ పేరు, B నుంచి E దాకా నాలుగు పేపర్ల లెక్క, G లో ఇప్పటి స్కోరు, H లో చదివాక రాగలిగే స్కోరు, I లో దానికి పట్టే గంటలు మీరు వేయాలి. F లో వెయిటేజీ, J లో పెరిగే మార్కులు, K లో గంటకు పెరిగే మార్కులు అదే లెక్కేస్తుంది.

```
F2:  =(SUM(B2:E2)-MAX(B2:E2))/(COUNT(B2:E2)-1)
J2:  =F2*(H2-G2)
K2:  =J2/I2
```

కిందికి లాగి, K ప్రకారం పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేస్తే లిస్టు తయారు. మీ ఉత్తరాన్ని బట్టి కొన్ని యూనిట్లకు అంకెలు వేసి చూపిస్తాను. మీరు పరీక్ష పెట్టుకున్నాక ఇవి మారతాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

ప్రాథమిక హక్కులు: ఏటా ఆరు బిట్లు, మొదటి నెలలో చదివి మర్చిపోయారు కాబట్టి ఇప్పుడు 0.35, తిరగేస్తే 0.7. పెరిగేవి 2.1 మార్కులు. నోట్సు ఇప్పటికే ఉంది, తొమ్మిది గంటలు అక్కర్లేదు, నాలుగు చాలు. గంటకు అర మార్కు పైనే. బ్యాంకింగ్, ద్రవ్య విధానం ఇంకా ముట్టుకోలేదనుకుందాం. ఐదు బిట్లు, 0.1 నుంచి 0.6కి వెళ్తే రెండున్నర మార్కులు, పది గంటలు, గంటకు పావు మార్కు. రేఖాగణితం, క్షేత్రమితికి మూడు బిట్లు. ఇంత చేశాక 0.15 దగ్గర ఉన్నారనుకుంటే, ఇంకో 20 గంటలకు 0.5 అవుతుందేమో. వచ్చేది ఒక్క మార్కు, గంటకు 0.05. మీకు ధైర్యంగా ఉన్న ప్రాచీన చరిత్రలో ఇప్పుడే 0.65 ఉంటే ఆరు గంటలు పెట్టి 0.7 చేసినా పావు మార్కు పైన కొంచెం వస్తుంది, అంతే.

మీ పాత లిస్టులో రేఖాగణితానికి మూడు ఇంటూ ఐదు పదిహేను, హక్కులకు నాలుగు ఇంటూ మూడు పన్నెండు వచ్చి ఉంటాయి. గంటలు కలపగానే హక్కులు పదింతలు పైకి పోయాయి. మీ షీటులోనూ ఇదే జరుగుతుందని గట్టిగా చెప్పగలను. అన్నిటికన్నా పైన ఉండేవి బొత్తిగా రాని యూనిట్లు కావు, బాగా వచ్చినవీ కావు. బిట్లు ఎక్కువ వచ్చే, మీకు సగం తెలిసిన యూనిట్లు. "అయిపోయాయి" అని టిక్కు పెట్టుకున్న ఆ 17లో కనీసం ఐదారు ఈ కోవలోకి వస్తాయి. కాబట్టి మొదటి వారం కొత్త పుస్తకం తెరవాల్సిన పని ఉండకపోవచ్చు.

లెక్కలు వదలాలా అన్న మాటకొస్తే, మీ ఫ్రెండ్ గంపగుత్తగా చెప్పాడు, షీటు విడివిడిగా చెప్తుంది. నిష్పత్తులు, శాతాల నుంచి నాలుగు బిట్లు, పట్టికలూ గ్రాఫుల మీద డేటా ఇంటర్‌ప్రిటేషన్ నుంచి ఏడు వస్తాయనుకుందాం. వీటిని రెండు వరసల్లో రాస్తే డేటా ఇంటర్‌ప్రిటేషన్ పైకి, శాతాలు కిందికి పోవచ్చు. కానీ "కిందటేడు కన్నా ఎంత శాతం పెరిగింది" అన్నది పది సెకన్లలో రాకుండా గ్రాఫు బిట్లు కదలవు. అందుకే ఒకదాని మీద ఒకటి ఆధారపడినవాటిని ఒకే వరసలో కట్టేయండి. శాతాలు 0.5 నుంచి 0.8కి, నాలుగు బిట్ల మీద 1.2 మార్కులు. డేటా ఇంటర్‌ప్రిటేషన్ 0.3 నుంచి 0.65కి, ఏడు బిట్ల మీద 2.45. రెండూ కలిపి 3.65 మార్కులు, ఐదూ ఏడూ పన్నెండు గంటలు, గంటకు 0.3. బ్యాంకింగ్ కన్నా మేలు. లెక్కల్లో ఈ కట్ట ఉంటుంది, రేఖాగణితం పోతుంది.

"ఇప్పటికే 45 గంటలు పెట్టాను, ఇంకొక్క వారం పెడితే అదీ అయిపోతుంది కదా" అని మనసు పీకుతుంది. ఆ వారం అంటే 20 గంటలు, వచ్చేది ఒక్క మార్కు. అదే 20లో హక్కులకు నాలుగు, శాతాల కట్టకు పన్నెండు పెడితే 16 గంటల్లోనే 5.75 మార్కులు వస్తాయి, ఇంకో నాలుగు గంటలు మిగులుతాయి.

ఒక్క సందర్భంలో ఈ మాటలన్నీ మారిపోతాయి. మీ పరీక్షలో విభాగాలవారీగా కనీస మార్కులు ఉన్నాయేమో నోటిఫికేషన్ చూడండి. ఉంటే, లెక్కల విభాగంలో ఆ కనీసం చేరేదాకా K ఎంత చిన్నదైనా లెక్కల యూనిట్లే ముందు. ఆ విభాగం లోపల మాత్రం వరస K ప్రకారమే.

సార్ట్ చేశాక పై నుంచి గంటలు కూడుకుంటూ రండి. 125లో ఒక పది గంటలు పక్కన పెట్టి, మొత్తం 115 చేరిన చోట గీత గీయండి. గీత కింద ఉన్నవాటిలో ఓ పది యూనిట్లకు ఆ పది గంటలు, ఒక్కోదానికి గంట. పాఠం చదవకుండా పాత పేపర్లలో ఆ యూనిట్ నుంచి వచ్చిన బిట్లూ జవాబులూ చూసుకోండి. ఎందుకంటే నాలుగు ఆప్షన్లు, మూడో వంతు కోత ఉన్నచోట పూర్తిగా గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా, నష్టమూ లేదు లాభమూ లేదు. ఒక ఆప్షన్ తప్పని తెలిసి తీసేయగలిగితే బిట్‌కి తొమ్మిదో వంతు మార్కు చొప్పున కలిసొస్తుంది. రెండు తీసేయగలిగితే మూడో వంతు. ఆ గంట చదువుతో జవాబు తెలియకపోయినా ఆప్షన్లు కొట్టేయడం వస్తుంది.

K లో పక్కపక్కనున్న అంకెల మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. 12 బిట్ల పరీక్షలో ఒక్క తప్పు రైటయితేనే స్కోరు 0.11 మారుతుంది. 0.28 ఉన్నది పైన, 0.25 ఉన్నది కింద ఎందుకుందని కూర్చోవద్దు, ఆ రెండింటిలో మీకు మనసున్నది ముందు చదవండి. ఒకటి ఇంకోదానికి రెట్టింపు ఉంటేనే అది నిజమైన తేడా. లిస్టు దిద్దుతూ మూడో సాయంత్రం కూడా గడుపుతుంటే, అది చదువు తప్పించుకోవడానికి దొరికిన మర్యాదైన దారి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఈ లిస్టుని గీత దాకా పట్టుకెళ్ళడం. మిగతా యూనిట్లు కూడా నేను చూపించిన తీరులో ఉంటే గీత పైన J కాలమ్ మొత్తం 35 దాకా వస్తుంది. అందులో మూడో వంతు మరుపుకి పోతుందనే అనుకోండి. మిగిలిన 23ని 62కి కలిపితే 85. కటాఫ్‌కి ఒక్క మార్కు పైన, అంటే గీత మీద నడక. కటాఫ్ రెండు మార్కులు పెరిగినా, వదిలిన యూనిట్ల నుంచి ఈసారి ఎక్కువ బిట్లు పడినా పోతుంది.

రెండోది, 29 యూనిట్లనూ నాలుగేసి గంటల చొప్పున ముట్టుకోవడం. పేపర్ ఎటు తిరిగినా ఏదో ఒకటి తెలుసన్న ధీమా ఉంటుంది. కోత లేని పరీక్షయితే నేనూ దీన్ని తీసిపారేయను. మీ పరీక్షలో మాత్రం నాలుగు గంటల చదువుతో చాలా బిట్లలో రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడతారు, పైగా ఆ 17 యూనిట్లను తిరగేయడానికి గంటలు మిగలవు. ఉన్న 62 కూడా కరిగే ప్రమాదం ఉంది.

మూడోది, ఈసారి అనుభవం కోసం రాసి వచ్చేసారికి గట్టిగా సిద్ధమవడం. దీన్ని ఇప్పుడే తేల్చక్కర్లేదు. మొదటి దారిలోనే బయల్దేరండి, నాలుగో వారం చివర్లో చూసుకోండి. లిస్టు పనిచేస్తుంటే అప్పటికి మాక్ స్కోరు 72 దగ్గర ఉండాలి. ఒక్క మాక్‌ని నమ్మొద్దు, పేపర్ కష్టాన్ని బట్టి నాలుగైదు మార్కులు అటూ ఇటూ అవుతాయి, రెండింటి సగటు తీయండి. 67 లోపే ఉంటే మూడో దారి గురించి ఆలోచించండి. అప్పుడు గంటలు పెరుగుతాయి కాబట్టి గీత కిందికి జరుగుతుంది, రేఖాగణితం కూడా పైకొస్తుంది. షీటు మళ్ళీ వేయక్కర్లేదు, 115 ఉన్నచోట కొత్త అంకె పెడితే చాలు.

నడుస్తున్నప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రతి యూనిట్‌కీ వేసుకున్న గంటల్లో సగం అయ్యాక ఆరు కొత్త బిట్లు రాయండి. బ్యాంకింగ్‌కి పది గంటలు వేస్తే ఐదో గంట తర్వాత. మొదటి పరీక్షలో ఆరింటికి సగటున వచ్చినవాటికన్నా కనీసం రెండు రైటు ఎక్కువ వచ్చాయా, కొనసాగించండి. ఏమీ కదల్లేదా, అక్కడ ఆపి లిస్టులో తర్వాతి దానికి వెళ్ళండి, మిగిలిన ఐదు గంటలూ దానికివ్వండి. రేఖాగణితానికి ఈ పరీక్ష మొదటి వారంలోనే పెట్టుకుని ఉంటే మిగిలిన రెండు వారాలూ మిగిలేవి. పూర్తిచేసిన యూనిట్‌కి కూడా రెండు వారాల తర్వాత 12 బిట్ల పరీక్ష మళ్ళీ పెట్టి G లో కొత్త స్కోరు వేయండి. మర్చిపోయినవి వాటంతటవే పైకొస్తాయి, బాగా నిలిచినవి కిందికి దిగుతాయి. ప్రాచీన చరిత్రకు ఇంతకుమించి టైము ఇవ్వకండి. అలసిపోయిన రోజు చెయ్యి తిన్నగా ఆ పుస్తకం మీదికే పోతుంది, అలాంటి రోజున హక్కుల నోట్సు తిరగేయండి.

రేఖాగణితం నోట్సుని పారేయకండి. ఘనపరిమాణాలు, ఉపరితల వైశాల్యాల సూత్రాలు ఒక్క పేజీ మీదికి తెచ్చి, గీత కింది పది యూనిట్లకు ఇచ్చే గంటల్లో ఒకటి దానికి పెట్టండి. మూడు బిట్లలో సూత్రంలో అంకెలు వేస్తే వచ్చేసేది ఒకటి ఉంటే అది చేసుకుని, మిగతా రెండూ చదవకుండానే దాటేయండి.